పాదాల కిందికి పోయే నీడ: చలిదేశపు పాఠకులకు మన వేసవి, మన తొలకరి

ప్రశ్న: నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో ఉంటున్నాను. పాలమూరు పల్లె నేపథ్యంగా తెలుగులో రాసుకున్న నా ప్రేమకవితలను, వాటితో పాటు కొన్ని పాత ప్రాకృత గాథలను ఇంగ్లిషులో పెట్టి ఇక్కడి మిత్రులకు చదివి వినిపిస్తున్నాను. ఎండ అనగానే వాళ్ళు సరదా అనుకుంటున్నారు, ఉరుము అనగానే ఏదో కీడు జరగబోతోంది అనుకుంటున్నారు. ఉదాహరణకు నా చిన్న కవిత ఇది:

మిద్దె మీద నీళ్ళు చల్లి పక్క పరిచాను.
గోడల్లో ఎండ ఇంకా దిగలేదు.
పడమట ఒక మబ్బు ఉరిమింది.
నువ్వు రాలేదు.

ఇలాంటివాటిని వాళ్ళ వసంతంలోకో మంచులోకో మార్చేయాలా, లేక అడుగున వివరణలు పెట్టాలా?

సమాధానం:

రెండూ అవసరం లేదని నా అభిప్రాయం. ఋతువును మారిస్తే కవిత కూలిపోతుంది. అడుగున వివరణ పెడితే, పాఠకుడు కవిత చదవడం ముగించి, ఏమీ కలగక, ఆ తరువాత తనకు ఏమి కలగవలసి ఉండిందో తెలుసుకుంటాడు. మూడో దారి ఒకటి ఉంది. అది కొంచెం ఎక్కువ శ్రమ అడుగుతుంది గానీ, అనువాదంలో నేను నమ్మకంగా పట్టుకున్న దారి అదే.

మన కవిత్వంలో ఎండ గానీ వాన గానీ తనంతట తాను ప్రేమకు గుర్తు కాదు. ఎండ వీధిని ఖాళీ చేస్తుంది, తలుపులు మూయిస్తుంది, దారిన పోయేవాణ్ణి చెట్టు కిందనో అరుగు మీదనో ఆపుతుంది. వాన దారులను మూసేస్తుంది, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళను ఇంటికి రప్పిస్తుంది, ఆ లోపు చేరుకోలేనివాళ్ళను మరికొన్ని నెలల పాటు దూరంగానే ఉంచుతుంది. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు ఎక్కడికి కదలలేరు, ఎవరు ఎప్పటికి తిరిగి రావాలి అనే ఈ లెక్కల మీదనే మన శృంగారమూ విరహమూ నిలబడ్డాయి. తెలుగు పాఠకుడికి ఈ లెక్క చిన్నప్పటి నుంచీ ఒంటికి తెలుసు కాబట్టి కవి చెప్పడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని, మృగశిర కార్తెలో ముంగిళ్ళు చల్లబడతాయని విన్నవాడికి మే నెలాఖరు నుంచి జూన్ రెండో వారం దాకా ఏమి మారుతుందో వేరే చెప్పనక్కరలేదు. మీ మిత్రులకు ఈ లెక్క తెలియదు. కానీ వాతావరణం మనుషులను ఎలా కట్టి పడేస్తుందో వాళ్ళకు మనకన్నా తక్కువేమీ తెలియదు. జనవరిలో మైనస్ 30 డిగ్రీల రాత్రి వీధి ఎంత నిర్మానుష్యంగా ఉంటుందో, తలుపులు ఎంత గట్టిగా మూసుకుంటాయో, ఆ వేళ బయట కనిపించిన మనిషి గురించి ఎలాంటి ఆలోచన వస్తుందో వాళ్ళను అడిగి చూడండి. వాళ్ళకు తెలియనిదల్లా ఆ నియమం మన దగ్గర ఏ వేళ, ఏ కారణంగా అమలవుతుందన్నదే. ఆ కొద్దిపాటి సమాచారాన్ని కవిత లోపలే, ఆ దృశ్యం రాకముందే కనిపించేలా చేయాలి. అనువాదకుడు చేయవలసిన మార్పు అంతవరకే.

మీరు ప్రాకృత గాథల ప్రస్తావన తెచ్చారు కాబట్టి ముందు అక్కడి నుంచి ఒకటి తీసుకుంటాను. హాలుడి పేరు మీద నిలిచిన గాథాసప్తశతి మనకు పరాయి గ్రంథం కాదు. అది శాతవాహనుల కాలపు గోదావరి తీరాన్ని చూసిన కవిత్వం. నూనూగు మీసాల వయసులో దానిని తెలుగు చేశానని శ్రీనాథుడు చెప్పుకున్నాడు. ఆ తెలుగు మనకు దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. అందులో ఒక గాథ భావం ఇలా ఉంటుంది: మిట్టమధ్యాహ్నం నీడ కూడా ఎండకు భయపడి ఒంటి కిందే దాక్కుని కాస్తయినా బయటికి రావడం లేదు, మరి బాటసారీ, నువ్వెందుకు విశ్రమించవు? మాట్లాడుతున్నది ఒక ఇంటి ఇల్లాలు. వినేవాడు దారిన పోతున్నవాడు. పైకి అది అతిథి మర్యాద. లోపల అది పిలుపు.

దీనిని ఉన్నది ఉన్నట్లుగా ఇంగ్లిషులో పెట్టి ఎడ్మంటన్‌లో చదివితే మొదట విరిగేది ప్రేమ కాదు, నీడ. మన అక్షాంశాల వద్ద వేసవిలో ఒక రోజు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో అది మే రెండో వారం. ఆ రోజుల్లో మధ్యాహ్నం నిలబడ్డ మనిషి నీడ నిజంగానే పాదాల కిందికి పోతుంది. ఎడ్మంటన్ సుమారు 53.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ ఏడాదిలో సూర్యుడు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చే జూన్ 21న కూడా 60 డిగ్రీలు దాటడు. అంటే ఆరడుగుల మనిషికి ఆ రోజు నడిమధ్యాహ్నం కూడా మూడున్నర అడుగుల నీడ ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నమైతే అదే మనిషి నీడ పాతిక అడుగులు దాటుతుంది. దాక్కున్న నీడను మీ మిత్రుల్లో చాలామంది పుట్టిన ఊళ్ళో ఒక్కసారి కూడా చూసి ఉండరు. కాబట్టి మనకు కంటి ముందు ఉన్న నిజాన్ని కవి చమత్కరించి చెప్పినట్లు వినిపించే ఆ మాట, వాళ్ళకు ఆధారం లేని కల్పనగా, ఏదో దెయ్యం కథలోని నీడగా వినిపిస్తుంది.

రెండో చిక్కు ఇంకా లోతైనది. మన వేసవి మధ్యాహ్నం ఏకాంతపు వేళ. రాత్రి కన్నా ఎక్కువ ఏకాంతం అప్పుడే దొరుకుతుంది, ఎందుకంటే రాత్రి ఇంటిల్లిపాదీ ఇంట్లోనో ఆరుబయటో కలిసే ఉంటారు. మధ్యాహ్నం మాత్రం ఎవరి గదిలో వాళ్ళు, తలుపులు బిగించి, కునుకు తీస్తూ ఉంటారు. ఎండలో ఎవరూ తిరగరన్న భరోసా ఉన్నందువల్లనే ఆ ఇల్లాలు అంత మాట అనగలిగింది. ఎడ్మంటన్‌లో వేసవి మధ్యాహ్నం అంటే ఊరంతా బయట ఉండే వేళ. పార్కులు నిండి, నది ఒడ్డున జనం కిటకిటలాడే వేళ. అక్కడి శ్రోతకు ఈ గాథలో రహస్యం ఎక్కడా కనిపించదు, అందరూ చూస్తుండగా ఒకావిడ దారిన పోయేవాడితో మర్యాదగా మాట్లాడుతున్నట్లే ఉంటుంది.

మూడో అంశం మాత్రం మనకు అనుకూలంగా ఉంది. బాటసారికి ఆశ్రయం ఇవ్వడం ధర్మం కాబట్టి ఆ మాటను ఎవరు విన్నా తప్పు పట్టలేరు. ఈ మరుగు ఆ గాథకు ఆయువుపట్టు. మంచు తుఫానులో తలుపు తట్టినవాణ్ణి లోపలికి పిలవడం ఏమిటో తెలిసిన దేశంలో దీనికి వివరణ అక్కరలేదు. అందుకే ముందు ఏది దాటుతుందో, ఏది దాటదో విడదీసి చూసుకోవాలని నేను చెబుతాను. ఇక్కడ మర్యాద దాటుతుంది. నీడ, ఏకాంతం దాటవు. పని ఆ రెండింటి మీదనే.

ఇంగ్లిషు పాఠానికి ముందు నేను తెలుగులోనే ఒక నమూనా రాసుకుంటాను. ఈ గాథకు అది ఇలా వస్తుంది:

పొద్దున బారెడు పొడుగున నీ ముందు నడిచిన నీడ
ఎండకు జడిసి నీ పాదాల కింద దాక్కుంది, చూడు.
వీధిలో మనిషి లేడు, తలుపులన్నీ మూసే ఉన్నాయి.
నీ నీడకు ఉన్న తెలివి నీకు లేదా బాటసారీ? కాసేపు ఆగు.

మొదటి పంక్తి మూలంలో లేదు. కానీ పొడుగాటి నీడ మీ మిత్రులకు బాగా తెలుసు, వాళ్ళ శీతకాలం అంతా అదే. తెలిసిన నీడతో మొదలుపెట్టి దానిని కుదించుకుంటూ పోతే, తెలియని నీడ దగ్గరికి వాళ్ళే వస్తారు. మూడో పంక్తి కూడా మూలంలో లేదు. మధ్యాహ్నం వీధి ఎలా ఉంటుందో అది చెబుతుంది, అంతకు మించి ఒక్క మాట చెప్పదు. తలుపులన్నీ మూసి ఉన్నాయని ఒక స్త్రీ వీధిలోని మనిషితో అంటున్నదంటే తెరిచి ఉన్న తలుపు ఒకటే ఉందని వినేవాడు తానే గ్రహిస్తాడు.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. పరిస్థితిని చేర్చవచ్చు, ఉద్దేశాన్ని చేర్చకూడదు. ఎండ తీవ్రత, వేళ, వీధి, దారి, దూరం వంటివి మూలకవి తన శ్రోతకు తెలుసునని వదిలేసినవి. వాటిని చేర్చడం అంటే అతని శ్రోతకు ఉన్న సమాచారాన్ని మీ శ్రోతకు అందించడమే. ‘ఇంట్లో అత్త లేదు’ అనో, ‘నా చెంత సేదదీరు’ అనో చేర్చితే మాత్రం కవి కావాలని దాచిపెట్టినదాన్ని మీరు బయట పెట్టినట్లు. ఈ రెండు రకాల మౌనాలనూ వేరు చేయలేని అనువాదాలు చాలా చూశాను. వాటిలో గాథలన్నీ ఒకే రకమైన కొంటె పాటల్లా తయారవుతాయి, ఎవరూ ఎవరికీ ఏమీ దాచరు. చేర్చిన పంక్తి ఏ కోవలోదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది. ఆ పంక్తిని మూలం తెలిసిన ఒక తెలుగు పాఠకుడికి చదివి వినిపించండి. ‘అది అందరికీ తెలిసిందే కదా, మళ్ళీ చెప్పడం ఎందుకు’ అంటే ఆ పంక్తి ఉండవచ్చు. ‘అయ్యో, చెప్పేశారే’ అంటే తీసేయండి.

ఇప్పుడు మీ కవితకు వస్తాను. తెలుగులో అది నాకు నచ్చింది. నాలుగు పంక్తుల్లో నాలుగు విషయాలు వదిలేసి, నాలుగూ అందేలా రాశారు. అయితే ఆ నాలుగూ ఎడ్మంటన్‌లో తలకిందులవుతాయి.

ఆరుబయట పక్క పరచుకోవడం అక్కడ విహారం. గోడల్లో ఎండ ఇంకా దిగలేదన్న మాట అక్కడ హాయిని సూచిస్తుంది, ఎందుకంటే ఏడాదిలో సగం నెలలు వేడిని గోడలు దాటి పోనీయకుండా కాపాడుకోవడమే ఇల్లు చేయవలసిన పని. రాత్రి పొద్దుపోయేదాకా వెచ్చగా ఉండే గోడ వాళ్ళకు ఒక వరం. ఉరుము విషయంలో మీ మిత్రులు పొరపాటు పడలేదు. ఎడ్మంటన్ ఉన్న అల్బర్టా ప్రాంతంలో వేసవి ఉరుముల వెంట వడగళ్ళు వస్తాయి, పంటలూ కార్ల అద్దాలూ పోతాయి, కాబట్టి వాళ్ళు భయపడడం న్యాయమే. ఇక చివరి పంక్తి. మబ్బు ఉరమడానికీ అతను రాకపోవడానికీ మీ తెలుగు పాఠకుడు వేసుకున్న ముడి మీ మిత్రుడికి అందే అవకాశమే లేదు. వాన పడేలా ఉంది కాబట్టి ఆ మనిషి రావడం మానుకున్నాడని అనుకుంటాడు. అర్థం సరిగ్గా ఎదురు తిరుగుతుంది.

ఆ ముడి చాలా పాతది. మేఘదూతంలో యక్షుడు రామగిరి మీద ఆషాఢపు తొలి మబ్బును చూసి కలత చెందడానికి కారణం ఆ మబ్బు అందం ఒక్కటే కాదు. మబ్బు కనబడితే దూరదేశాల్లో ఉన్న భర్తలు ఇళ్ళకు బయలుదేరతారన్నది ఆనాటి లోకరీతి. అతనికి శాపం తీరడానికి ఇంకా నాలుగు నెలలు ఉంది. అంటే వానాకాలం మొత్తం. మబ్బును చూసిన అతని భార్య అందరిలాగే ఎదురు చూస్తుంది, అతను రాలేడు. పాలమూరులో ఈ లెక్క నిన్నమొన్నటి దాకా అక్షరాలా నడిచింది. పంటలు ముగిశాక కట్టడాల పనులకూ కాలువల పనులకూ దూర ప్రాంతాలకు వలస వెళ్ళినవాళ్ళు తొలకరికి దుక్కి దున్నడానికి ఊరు చేరుకునేవారు. తొలి మబ్బు ఉరిమిన నాటికి రాని మనిషి గురించి ఇంట్లో అనుకునే మాటలు వేరుగా ఉంటాయి. మీ కవిత బరువంతా ఆ తేదీ మీద ఉంది, కవితలో మాత్రం తేదీ లేదు.

అలాగని ‘జూన్’ అని రాయవద్దు. ఎడ్మంటన్‌లో జూన్ మూడో వారంలో సూర్యుడు రాత్రి పది దాటాక అస్తమిస్తాడు, ఆ తరువాత కూడా ఉత్తరపు అంచున వెలుగు మిగిలే ఉంటుంది. జూన్ రాత్రి అనగానే మీ శ్రోత మనసులో వెలుతురు నిండుతుంది. మన జూన్ రాత్రి ఏడున్నరకల్లా చీకటి. మబ్బు పట్టిందంటే కళ్ళ ముందు చెయ్యి కనబడదు. మెరుపు వెలుగులో దారి వెతుక్కుంటూ ప్రియుడి దగ్గరికి వెళ్ళే అభిసారిక చిత్రం ఆ చీకటి లేకుండా నిలవదు. నెలల పేర్లు రెండు దేశాలకూ ఒకటే కావడం వల్ల అవి సాయం చేస్తాయని అనిపిస్తుంది గానీ, నిజానికి పేరు తెలియని ఋతువు కన్నా పేరు తెలిసిన ఋతువే పాఠకుణ్ణి ఎక్కువ దారి తప్పిస్తుంది.

ఉష్ణోగ్రత అంకెలూ వద్దు. 45 డిగ్రీలు అని రాస్తే అది వార్త అవుతుంది. అంకెకు బదులు ఒక పని చూపించండి. మీ మొదటి పంక్తిలో ఆ పని ఇప్పటికే ఉంది, నీళ్ళు చల్లడం. దానిని ఇంకొక్క అడుగు ముందుకు నడిపితే చాలు. నా నమూనా ఇది:

ఇళ్ళలో పడుకోలేక ఊరంతా మిద్దెలెక్కింది.
బిందెడు నీళ్ళు పోస్తే మిద్దె బుస్సుమంది, ఇంకో బిందె పోశాను.
ఇద్దరికి సరిపడా పక్క పరిచాను.
పడమట ఈ ఏటి తొలి మబ్బు ఉరిమింది, పిల్లలు కేరింతలు కొట్టారు.
పక్క మిద్దెల మీద, పనుల నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళ గొంతులు.
నువ్వు రాలేదు.

మొదటి పంక్తితో విహారం అన్న ఆలోచన పోతుంది. అది ఒకామె సరదా కాదు, ఊరంతటి అవస్థ. దానితో పాటు మీ తెలుగు కవితలో లోలోపల ఉన్న ఒక బాధ పైకి వస్తుంది. మిద్దె మీద పక్క పరచడం అంటే పది ఇళ్ళవాళ్ళ కళ్ళ ముందు పరచడం. ఆమె ఒంటరితనం గదిలో దాచుకునేది కాదు. రెండో పంక్తిలో బుస్సుమన్న నీళ్ళు గోడల వేడి హాయి కాదని చెప్పేశాయి కాబట్టి మీ రెండో పంక్తిని వదిలేశాను. తెలుగులో అది మంచి పంక్తి, దాన్ని వదలడం మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు, కానీ ఇంగ్లిషులో ఎంత సవరించినా అది వెచ్చదనాన్నే మోసుకొస్తుంది.

ఉరుము పంక్తిలోని పిల్లల గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఉపాయం చాలా చోట్ల పనికొస్తుంది. ఒక ప్రకృతి విషయం శుభమో అశుభమో తెలియని శ్రోత పక్కనున్న మనుషుల ముఖాలు చూస్తాడు. కవితలో పక్కన ఎవరూ లేకపోతే తన ఊరి భయాన్నే తెచ్చి అక్కడ పెడతాడు. పిల్లలు కేరింతలు కొట్టారన్న మూడు మాటలతో ఉరుము శుభవార్త అయింది. ఊరికి అది శుభవార్త అయినందువల్లనే ఆమెకు అది ఎంత బరువో చివరి పంక్తిలో తెలుస్తుంది. ‘సంతోషంగా ఉరిమింది’ అని విశేషణం తగిలిస్తే ఈ పని జరగదు, అప్పుడు అది కవి అభిప్రాయం అవుతుంది.

అయిదో పంక్తి తేదీకి బదులుగా వచ్చింది. మగవాళ్ళు తిరిగి వచ్చారు, తొలి మబ్బు వచ్చింది అనే రెండు విషయాలు పక్కపక్కన పెడితే వాటి మధ్య నియమాన్ని శ్రోత ఊహిస్తాడు. వాతావరణం దారులను మూసేస్తుందన్న సంగతి వాళ్ళకు కొత్తేమీ కాదు. మీకు ఉత్తరాన నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో 2012లో దే చో వంతెన తెరిచేదాకా మెకంజీ నదిని వేసవిలో పడవ మీద, శీతకాలంలో గడ్డకట్టిన మంచు మీద దాటేవారు. మంచు పట్టే రోజుల్లో, విరిగే రోజుల్లో వాహనాలు దాటే వీలుండేది కాదు. ఈ సంగతిని కవితలోకి తేవద్దు. మీ శ్రోతల్లో ఇలాంటి అనుభవం సిద్ధంగా ఉందన్న ధైర్యంతో తక్కువ మాటలు వాడండి.

వాన గురించి ఇంకొంచెం. చలిదేశం అంటే ఒకటే వాతావరణం అనుకోకూడదు. పడమటి తీరాన వాంకూవర్‌లో వాన శీతకాలపు అతిథి, నెలల తరబడి సన్నగా, బూడిద రంగుగా కురుస్తుంది. అక్కడి పాఠకుడికి వాన దిగులు. మీ ఎడ్మంటన్‌లో వాన ఎక్కువగా పడేది జూన్, జూలైలలోనే, అదీ ఉరుములతో కూడిన జల్లులుగా. కాబట్టి మీ శ్రోతల్లో వానను దిగులుగా వింటున్నవాళ్ళు తమ ఆకాశం నుంచి కాక తాము చదివిన ఇంగ్లిషు కవిత్వం నుంచి వింటున్నారు. వాళ్ళను మీ వైపు తిప్పుకోవడం కష్టం కాదు. కావలసినదల్లా వాన రాకను చూపించడం. కురుస్తున్న వానతో మొదలుపెడితే దిగులు వస్తుంది. వాన రాకముందు నేల ఎలా ఉందో చూపించి, ఆ తరువాత మొదటి చినుకు పడనిస్తే ఊరట వస్తుంది.

ఈ సందర్భంలో మీకు రెండు సహాయాలు దొరుకుతాయి. మొదటిది తడిసిన మట్టి వాసన. ఆ వాసనకు మూలమైన పదార్థాన్ని నేలలోని సూక్ష్మజీవులు తయారు చేస్తాయి, అది మన నేలకే ప్రత్యేకం కాదు. మంచు కరిగి నేల బయటపడే ఏప్రిల్ రోజుల్లో వాళ్ళకూ మట్టి వాసన వస్తుంది, ఆరు నెలల తరువాత మొదటిసారిగా. కాబట్టి తొలకరి మట్టి వాసనను నిస్సంకోచంగా ఉంచండి. ‘ఇన్నాళ్ళకు’ అన్న మాట మాత్రం దాని పక్కన తప్పకుండా ఉండాలి. రెండోది కప్పలు. మన దగ్గర తొలి వానకు కప్పలు బెకబెకమంటాయి. అల్బర్టాలో మంచు కరిగిన నీటి గుంటల్లో చిన్న కప్పలు ఏప్రిల్ నుంచే జత కోసం గొంతెత్తుతాయి. ఏ వివరణా లేకుండా దాటగలిగే ప్రాణి అది. నెమలి అలా కాదు. నెమలి వాళ్ళకు జంతుప్రదర్శనశాలలో కనిపించే పక్షి, అది రాగానే కవిత దూరదేశపు చిత్రపటం అయిపోతుంది. చాతకం గురించి నేను పట్టుబట్టను. దాని కథ చెప్పనిదే దానికి పని లేదు, కథ చెబితే కవిత ఆగిపోతుంది.

విరహతాపానికి చేసే శీతలోపచారాలను గురించి మీరు అడగలేదు గానీ, ప్రబంధాల వైపు వెళితే తప్పక ఎదురవుతాయి. గంధం పూతలు, తామరాకుల పడకలు, కర్పూరం, అరటాకుల విసురులు, నిప్పులు కురిసే వెన్నెల, అన్నీ ఒకేసారి వస్తాయి. అవన్నీ ఉంచితే చలిదేశపు పాఠకుడికి అది జ్వరం వచ్చిన మనిషికి చేసే చికిత్సగా కనిపిస్తుంది. పైగా ప్రేమ అంటే వెచ్చదనం అనే అలవాటు ఉన్నవాడికి, ఇంత మంది చేరి ఆమె ప్రేమను చల్లార్చడానికి చూస్తున్నారన్న అనుమానం కూడా కలుగుతుంది. నేనైతే ఒక్క ఉపచారాన్ని ఉంచి, అది ఓడిపోవడం చూపిస్తాను. గంధం పూసిన చేయి ఇంకా తీయకముందే పూత ఎండి పెళుసై రాలిపోయిందంటే చాలు. ఎండ ఎంతో, తాపం ఎంతో, చెలుల ఆదుర్దా ఎంతో ఆ ఒక్క దృశ్యంలోనే ఉంటుంది. ఎండకు రోలు పగిలిందన్న మాట కూడా ఇలాగే దాటుతుంది, ఎందుకంటే విపరీతమైన చలికి చెట్ల మానులు తుపాకి పేలినట్లు చప్పుడు చేస్తూ పగలడం వాళ్ళు విన్నదే.

చదివి వినిపించిన తరువాత మీ మిత్రులను ‘నచ్చిందా’ అని అడగవద్దు. మర్యాదస్తులు నచ్చిందనే అంటారు. ‘ఆ వేళ ఊళ్ళో మిగతావాళ్ళు ఎక్కడ ఉన్నారు’ అని అడగండి. నీడ గాథకు ‘ఇళ్ళలో, తలుపులు వేసుకుని’ అని, మీ కవితకు ‘అందరూ మిద్దెల మీద, అందరికీ జతగా ఎవరో ఒకరు ఉన్నారు’ అని జవాబు వస్తే మీ పని అయింది. ‘అందమైన వేసవి రాత్రి’ అన్న మాట వినిపిస్తే ఎక్కడో ఒక పరిస్థితి అందలేదు. అప్పుడు భావాన్ని గట్టిపరచకండి, వీధినీ గడియారాన్నీ సరిచేయండి.

చివరగా వరుస గురించి. మీరు చదువుతున్నది ఒక్క కవిత కాదు, ఒక గుచ్ఛం. అందువల్ల మొదటి కవిత నేర్పిన పరిస్థితి తరువాతి కవితకు ఉచితంగా దొరుకుతుంది. నీడ గాథను ముందు చదవండి. దానితో మూసిన తలుపులూ ఎండ భయమూ శ్రోతకు తెలిసిపోతాయి. ఆ తరువాత వచ్చే మీ కవితలో ‘ఇళ్ళలో పడుకోలేక’ అన్న రెండు మాటలను తీసేసి ‘ఊరంతా మిద్దెలెక్కింది’ అని మొదలుపెట్టవచ్చు. దాని తరువాత ఇంకో తొలకరి కవిత ఉంటే, అందులో తిరిగొచ్చిన మగవాళ్ళ పంక్తి కూడా అక్కరలేదు. మబ్బు ఒక్కటి చాలు.